"ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు": ఈ పద్యం చదవడానికి శ్రీనాథుడి జీవితం తెలియాలా?

పఠనశాల

మా పఠన బృందంలో నెలకొక పద్యం తీసుకొని గంటసేపు మాట్లాడుకుంటాం. ఈసారి శ్రీనాథుడి పేర ప్రసిద్ధమైన ఈ సీసం తీసుకున్నాం. పాఠాంతరాలు ఉన్నాయని తెలుసు, నాకు కంఠస్థమైన పాఠాన్ని ఇస్తున్నాను.

కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా
పురవీధి నెదురెండ పొగడదండ
సార్వభౌముని భుజాస్తంభ మెక్కెను గదా
నగరి వాకిటనుండు నల్లగుండు
ఆంధ్రనైషధకర్త యంఘ్రియుగ్మంబున
తగిలి యుండెను గదా నిగళయుగము
వీరభద్రారెడ్డి విద్వాంసు ముంజేత
వియ్యమందెను గదా వెదురుగొడియ

కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము
బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు
బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి
నెట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు

పద్యం చదవకముందే ఒక సభ్యుడు శ్రీనాథుడి కథ చెప్పడం మొదలుపెట్టారు. కొండవీటి వైభవం, రాజమహేంద్రవరం రెడ్ల ఆదరణ, ఆ రాజ్యం పోయాక ముసలితనంలో కృష్ణ ఒడ్డున పొలం గుత్తకు తీసుకోవడం, వరద, శిస్తు కట్టలేక నడివీధిలో శిక్ష, అన్నీ ఇరవై నిమిషాలు చెప్పారు. వింటున్న ఇద్దరు ముగ్గురికి కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆ తరువాత పద్యం చదివితే ఎవరికీ కొత్తగా మాట్లాడడానికి ఏమీ మిగలలేదు. ఇంకొక సభ్యురాలు మాత్రం, "మనం ఏడ్చింది కథకు, పద్యానికి కాదు, కవి పేరు మూసిపెట్టి చదివి ఉండవలసింది" అన్నారు. వాదన పెరిగి సమావేశం అసంపూర్ణంగా ముగిసింది. వచ్చే నెల మళ్ళీ ఇదే పద్యం పెడదామని అనుకుంటున్నాను. ఏ పద్ధతిలో చదివిస్తే న్యాయం జరుగుతుందో ఇక్కడి సభ్యులు చెప్పాలి.

మూడోపాదం

ఆ సభ్యురాలి మాటే సరైనదని నా అభిప్రాయం. కథ ముందు చెప్పేస్తే పద్యం ఆ కథకు సాక్ష్యంగా మాత్రమే మిగులుతుంది, పద్యంగా వినబడదు. ఈ పద్యంలో క్రియలను మాత్రమే వరుసగా చూడండి. కౌగిలించెను, ఎక్కెను, తగిలియుండెను, వియ్యమందెను. ఇవన్నీ దగ్గరితనాన్ని చెప్పే మాటలు, వాటిలో మొదటిదీ చివరిదీ ప్రేమకూ పెళ్ళికీ సంబంధించినవి. ఆ మాటలకు కర్తలు మాత్రం మెడకు వేసే శిక్షాసాధనం, భుజాన మోపే బండ, కాళ్ళ సంకెళ్ళు, చేతులు బిగించే వెదురు. హింసించే వస్తువులన్నీ చుట్టాలై వచ్చి మీద పడుతున్నట్టు చెప్పడంలోనే పద్యం బలం ఉంది. దీనిని గమనించడానికి కొండవీటి చరిత్ర అక్కరలేదు.

ఇంకొక విషయం కూడా చూడండి. సీసం నాలుగు పాదాలలో మాట్లాడేవాడు తనను "కవిరాజు", "సార్వభౌముడు" అని ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్పుకుంటాడు. తేటగీతిలోకి దిగగానే "మోసపోతిని", "ఎట్లు చెల్లింతు" అని తానుగా బయటపడతాడు. బిరుదులన్నీ రాలిపోయి "నేను" అనేవాడు మిగలడం వ్యాకరణంలోనే జరిగింది. మీ సమావేశంలో కథ ఇరవై నిమిషాలు నడిచింది కదా, దీనిని ఎవరైనా గమనించారా?

పఠనశాల

ఎవరూ గమనించలేదు, నేను కూడా గమనించలేదు.

సాయంకాలపు వెలుగు

ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాడిగా @మూడోపాదం గారితో విభేదిస్తున్నాను. పేరు మూసిపెట్టి ఈ పద్యం పిల్లలకు ఇస్తే వారు మొదట అడిగే ప్రశ్న "ఆంధ్రనైషధకర్త ఎవరు" అన్నదే. ఆ తరువాతి ప్రశ్న "వీరభద్రారెడ్డి ఎవరు" అన్నది. సమాధానం చెప్పకుండా "కౌగిలించెను అన్న క్రియను చూడండి" అంటే వారు చూడలేరు, ఎందుకంటే ఆ కాళ్ళు ఎవరివో తెలియనప్పుడు సంకెళ్ళు ఎవరి కాళ్ళకైనా సంకెళ్ళే. శ్రీహర్షుడి సంస్కృత నైషధాన్ని తెలుగు చేసిన మహాకవి కాళ్ళకు సంకెల అన్నప్పుడే గుండె పట్టుకుంటుంది. జీవితం తీసేస్తే ఇది ఏదో ఒక అప్పులవాడి గోడు అవుతుంది.

నవ్యవిమర్శకుడు

ఈ వివాదం ఎప్పుడో తీరిపోయింది. 1946లో విమ్‌సాట్, బియర్డ్‌స్లీ అనే ఇద్దరు అమెరికన్ విమర్శకులు ఒక వ్యాసంలో కవి ఉద్దేశాన్ని వెతకడం పొరపాటని నిరూపించారు. ఆ తరువాత ఫ్రెంచి విమర్శకుడు బార్త్, రచయిత మరణించాడని ప్రకటించాడు. కాబట్టి కవి జీవితాన్ని వ్యాఖ్యానంలోకి తేవడమే నిషిద్ధం. శ్రీనాథుడు ఎవరో తెలియకపోయినా పద్యం నిలబడాలి, నిలబడకపోతే అది పద్యం లోపం.

తాటాకుకట్ట

@నవ్యవిమర్శకుడు గారు ఆ వ్యాసాన్ని మరొకసారి చదివితే మంచిది. అందులో వారు ఖండించింది కవి ఏమి అనుకున్నాడన్న దానిని పద్యం విలువకు కొలమానం చేయడాన్ని. జీవిత సమాచారం ఉపయోగపడే చోటును వారే స్పష్టంగా మినహాయించారు. ఒక మాటకు ఆ కవి వాడుకలో, అతడి చుట్టూ ఉన్నవారి వాడుకలో ఏ అర్థం ఉండేదో తెలుసుకోవడానికి జీవిత చరిత్ర ఆధారం కావచ్చునని వారు ఒప్పుకున్నారు, ఎందుకంటే అది పద్యంలోని మాటకు అర్థమే. అంటే "వీరభద్రారెడ్డి" అన్న మాటకు అర్థం తెలుసుకోవడం, "పొగడదండ" అన్న మాటకు అర్థం తెలుసుకోవడం ఒకే రకమైన పని. ఒకటి నిఘంటువులో దొరుకుతుంది, ఇంకొకటి కాశీఖండం అవతారికలో దొరుకుతుంది. రెండూ మాట అర్థాలే.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను, కొంచెం పొడవుగా రాయక తప్పదు. ఈ పద్యం విషయంలో "జీవితం కావాలా వద్దా" అని ఒకే ప్రశ్నగా అడగడం వల్ల చిక్కు వస్తోంది. శ్రీనాథుడి జీవితమని మనం చెప్పుకునే దానిలో రెండు రకాల సమాచారం కలిసిపోయి ఉంది. అతడు శృంగారనైషధం రాశాడనీ, కాశీఖండాన్ని రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడనీ మనకు ఆ గ్రంథాలే చెబుతున్నాయి. "చిన్నారి పొన్నారి చిరుతకూకటినాడు" అని మొదలయ్యే పద్యంలో ఏ వయసులో ఏది రాశాడో తానే చెప్పుకున్నాడు, అది కాశీఖండం అవతారికలో భాగంగా గ్రంథంతోపాటే మనదాకా వచ్చింది. ఇదంతా మన సీసంతో సంబంధం లేకుండా తెలిసిన విషయం.

బొడ్డుపల్లె పొలం, కృష్ణ వరద, ఏడు వందల టంకాలు, నడివీధి శిక్ష మాత్రం అలాంటివి కావు. వాటికి శాసనం లేదు, ఏ గ్రంథం అవతారికలోనూ ప్రస్తావన లేదు. వాటికి ఉన్న ఆధారం ఈ పద్యమే. ఇది ఏ కావ్యంలోనూ లేని చాటువు, నోటినుంచి నోటికి వచ్చి చాలా కాలానికి అచ్చుకెక్కింది. కవుల చరిత్రలు రాయడం మొదలుపెట్టిన తొలి పండితులకు వేరే ఆధారాలు తక్కువ కాబట్టి ఇలాంటి చాటువుల నుంచే జీవితాన్ని అల్లారు. ఇప్పుడు మనం ఆ జీవితాన్ని తీసుకొచ్చి ఇదే పద్యానికి వివరణగా చెబుతున్నాం. పద్యం నుంచి తీసిన నీళ్ళను మళ్ళీ పద్యంలోనే పోసి, చూడండి ఎంత నిండుగా ఉందో అంటున్నాం.

కాబట్టి నా సమాధానం ఇది. సీసం నాలుగు పాదాలకు జీవితం నిజంగా కావాలి, ఎందుకంటే ఒక్కొక్క పాదం ఒక బిరుదునో ఒక సంబంధాన్నో పేరు పెట్టి పిలుస్తోంది, ఆ పేరు బయట ఉన్న ఒక నిజాన్ని అందుకుంటోంది. తేటగీతికి మాత్రం కథ ఏమీ చేర్చదు, పద్యంలో ఉన్నదానినే వచనంలో తిరిగి చెబుతుంది. మీ సమావేశంలో ఇరవై నిమిషాలు వినిపించిన దానిలో ఎక్కువ భాగం ఈ రెండవ రకం.

మూడోపాదం

నేను ఇంత నిక్కచ్చిగా విడదీయలేదు. బిరుదుల విషయంలో ఒప్పుకుంటున్నాను. అయినా "సార్వభౌముడు" అన్న మాట వినగానే, పేరు తెలియకపోయినా, ఎవరో గొప్ప స్థితి నుంచి పడిపోయాడని పద్యమే చెప్పడం లేదా?

తాటాకుకట్ట

పడిపోయాడని చెబుతుంది, ఎక్కడినుంచి పడిపోయాడో చెప్పదు. "సార్వభౌముడు" అంటే నిఘంటువులో చక్రవర్తి. కవిసార్వభౌముడన్న బిరుదు తెలియని పాఠకుడు ఆ పాదంలో ఒక రాజు భుజం మీద బండ పెట్టారనుకుంటాడు. అప్పుడు మొదటి పాదంలో ఒక కవి, రెండవ పాదంలో ఒక రాజు, మూడవ పాదంలో ఒక గ్రంథకర్త, నాలుగవ పాదంలో ఒక విద్వాంసుడు శిక్ష అనుభవిస్తున్నట్టు నలుగురు మనుషులు కనబడతారు. నలుగురూ ఒక్కడేనని తెలిసినప్పుడే ఒకే శరీరం మీద, మెడ నుంచి భుజానికి, కాళ్ళకు, చేతికి శిక్ష ప్రయాణించడం కనబడుతుంది. తప్పు చదువు ఎలా ఉంటుందో, అది తప్పని ఎలా తెలుస్తుందో చెప్పగలిగిన చోట జీవిత సమాచారం నిజంగా పని చేస్తున్నట్టు లెక్క.

చెట్టునీడ

నాకు అర్థమైనంతవరకు ప్రశ్న కవి నడవడి గురించి. భోగలాలసుడని పేరుపడిన కవి కష్టాలకు మనం ఎందుకు కరగాలి? ఉన్ననాడు దాచుకొని ఉంటే ఈ గతి పట్టేది కాదు. కవి మంచివాడు కానప్పుడు అతడి పద్యాన్ని పాఠంగా పెట్టకూడదని నేను ఎప్పటినుంచో అంటున్నాను.

పఠనశాల

@చెట్టునీడ గారూ, నేను అడిగింది అది కాదండీ. కవి మంచి చెడ్డలను తీర్పు చెప్పడం వేరు, పద్యం అర్థం కావడానికి అతడి గురించి ఏది తెలియాలన్నది వేరు. అయితే భోగి అన్న మాట మీరు ఎక్కడినుంచి తెచ్చారో ఒకసారి ఆలోచించండి. అది కూడా చాటువుల నుంచే కదా?

చెట్టునీడ

చాటువుల నుంచీ, సినిమా నుంచీ అని ఒప్పుకుంటున్నాను.

రెల్లుపూలు

నా అనుభవం ఒకటి చెబుతాను, విషయానికి దగ్గరగానే ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఒక పత్రికలో నా కవిత ఒకటి వచ్చింది. అందులో మాట్లాడే మనిషి చనిపోయిన తల్లి చీరలను మడతపెడుతూ ఉంటాడు. అది అచ్చయిన వారంలో నాకు పరామర్శ ఉత్తరాలు, ఫోన్లు వచ్చాయి. మా అమ్మ అప్పుడు ఆరోగ్యంగా ఉంది, ఆ ఫోన్లలో ఒకటి ఆమే ఎత్తింది. ఆ కవిత నా మిత్రుడి ఇంట్లో చూసిన దృశ్యం నుంచి వచ్చింది. తరువాత ఒక సంకలనంలో ఆ కవితకు ముందు "తల్లిని పోగొట్టుకున్న దుఃఖంలో రాసినది" అని ఒక వాక్యం చేర్చారు, నన్ను అడగలేదు. ఇప్పుడు ఆ సంకలనం చదివేవారికి నా జీవితంలో జరగని ఒక సంఘటన నా కవితకు కారణం.

నేను బతికి ఉండగానే, అడిగితే చెప్పగలిగే స్థితిలో ఉండగానే ఇలా జరిగింది. ఐదారు వందల ఏళ్ళ కిందటి కవి విషయంలో ఏమి జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. పద్యంలో "నేను" అన్నవాడిని కవిగా పట్టుకోవడం పాఠకుడికి చాలా సహజంగా జరిగిపోతుంది.

సాయంకాలపు వెలుగు

మీ కవిత సంగతి బాధాకరమే కాని, ఈ పద్యంలో మాట్లాడేవాడు ఎవరో తెలియని "నేను" కాదు. తన గ్రంథం పేరు చెప్పి, తన ప్రభువు పేరు చెప్పి మాట్లాడుతున్నాడు. మీ కవితలో మీ పుస్తకం పేరు ఉందా?

రెల్లుపూలు

లేదు. ఆ తేడా ముఖ్యమైనదే, ఒప్పుకుంటున్నాను. కాని గ్రంథం పేరు చెప్పినంత మాత్రాన చెప్పినవాడు శ్రీనాథుడేనని తేలదు. శ్రీనాథుడిని బాగా ఎరిగిన ఇంకొక కవి అతడి గొంతుతో రాయవచ్చు కదా?

యతిమైత్రి

@మూడోపాదం గారు క్రియల గురించి చెప్పింది చదివాక నాకు ఒకటి తోచింది. పొగడదండ అంటే శిక్షాసాధనమే కాదు, పొగడపూల దండ కూడా. దండ వచ్చి మెడను కౌగిలించుకుంది. మూడవ పాదంలో కవి తనను నైషధకర్తగా చెప్పుకున్నాడు. నైషధం దేని గురించి? దమయంతి స్వయంవరం గురించి. ఆమె నలుడి మెడలో దండ వేయడం ఆ కథకు గుండెకాయ. ఆ దండను తెలుగులో అల్లిన కవి మెడకు ఇప్పుడు ఈ దండ పడింది. చివరి పాదంలో వెదురుగొడియ "వియ్యమందింది", అంటే పెళ్ళి పూర్తయింది. పైగా "పొగడ" అన్న మాటలోనే పొగడడం ఉంది, రాజులను పొగిడి బతికిన కవికి పొగడదండే దక్కింది.

ఇక్కడ నాకు సాయపడింది శ్రీనాథుడి జీవితం కాదు, అతడి పుస్తకం. కవి రాసిన ఇతర గ్రంథాలు తెలియడాన్ని జీవితం కింద లెక్కపెట్టాలా, పాఠం కింద లెక్కపెట్టాలా?

మూడోపాదం

చాలా బాగుంది. "పొగడ" మీద చేసిన శ్లేషను నేను పూర్తిగా ఒప్పుకుంటాను, అది మాటలోనే ఉంది. స్వయంవరం దండ దాకా వెళ్ళడం మాత్రం పద్యం మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు పెట్టడమేమోనని అనుమానం. దండ మొదటి పాదంలో, నైషధం మూడవ పాదంలో ఉన్నాయి. ఆ రెండింటినీ కలిపింది మీరు, పద్యం కాదు.

యతిమైత్రి

నాలుగు పాదాల పద్యంలో మొదటి పాదం, మూడవ పాదం ఒకదానికొకటి వినబడనంత దూరంలో లేవు. మళ్ళీ ఒకసారి బిగ్గరగా చదివి చూడండి.

తాటాకుకట్ట

ఈ ఇద్దరి మధ్య నేను తీర్పు చెప్పను, కాని @యతిమైత్రి గారి ప్రశ్న విలువైనది. కవి ఇతర గ్రంథాలు తెలియడం వేరే కోవకు చెందుతుందని నా అభిప్రాయం. ఆ గ్రంథాలు పాఠకుడి ముందు ఉన్నాయి, ఎవరైనా తెరిచి సరిచూడవచ్చు. జీవిత ఘటనకు ఆ సౌలభ్యం ఉండదు. వ్యాఖ్యానంలో సందేహం వచ్చినప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. చేతితో పద్యాన్ని మూసి, కవి గురించి చెబుతున్న కథలో ఏ భాగం ఇంకా నిలిచి ఉందో చూస్తాను. ఈ సీసాన్ని మూస్తే నైషధం, కాశీఖండం, వీరభద్రారెడ్డి నిలుస్తారు. బొడ్డుపల్లె మాయమవుతుంది. అలాగే ముసలితనం కూడా మాయమవుతుంది, నిజానికి అది పద్యంలో కూడా లేదు. మళ్ళీ చూడండి, ఎక్కడైనా వయసు చెప్పారా? శిక్షించినవారు గజపతుల అధికారులని కథలో చెబుతారు, పద్యంలో "నగరి వాకిట" అని మాత్రమే ఉంది. రాజమహేంద్రవరం 15వ శతాబ్దం నడుమ గజపతుల చేతికి వెళ్ళడం చరిత్ర కాబట్టి, ఆ చరిత్రకు ఈ పద్యాన్ని కుట్టి అతికారు. కుట్టు సహజంగానే కనబడుతుంది, అయినా అది కుట్టే.

నవ్యవిమర్శకుడు

వ్యాసం విషయంలో నేను పొరపడ్డాను, మళ్ళీ చదివాను. మాట అర్థానికి జీవితం ఆధారం కావచ్చునని వారు నిజంగానే అన్నారు. కాని ఆ దారి తెరిస్తే ఎక్కడ ఆపాలి? మిల్టన్ చూపు పోవడం గురించి రాసిన సానెట్ చూడండి. అతడికి చూపు పోయిందన్నది బయటి ఆధారాలతో తిరుగులేకుండా తెలుసు, 1652 నాటికి పూర్తిగా పోయింది. అంటే తాటాకుకట్ట గారి పరీక్షలో అది నెగ్గుతుంది. మరి ఆ పద్యంలో తన ఆయుర్దాయంలో సగం గడవకముందే వెలుగు ఖర్చయిపోయిందన్న మాట ఉంది. అప్పటికి మిల్టన్‌కు నలభై మూడేళ్ళు. డెబ్బై ఏళ్ళు నిండు ఆయుర్దాయమన్న బైబిలు లెక్క ప్రకారం సగమంటే ముప్పై అయిదు. పండితులు ఈ లెక్కను సరిపెట్టడానికి ఎంతో శ్రమపడ్డారు, కొందరు పద్యం తేదీనే వెనక్కి జరపాలని చూశారు.

తాటాకుకట్ట

మంచి ఉదాహరణ. ఆ సానెట్‌కు చూపు గురించిన శీర్షిక మిల్టన్ పెట్టింది కాదు, 18వ శతాబ్దంలో ఒక సంపాదకుడు పెట్టాడు. రెల్లుపూలు గారి కవిత మీద సంకలనకర్త చేర్చిన వాక్యం లాంటిదే, కాకపోతే అక్కడ జీవిత విషయం నిజం. "వెలుగు" అన్న మాటకు చూపు అన్న అర్థం ఉందని చెప్పడానికి జీవితం సాయపడింది. ఆ తరువాత ప్రతి మాటా జీవితపు తేదీలతో సరిపోవాలని పట్టుబట్టినప్పుడు అదే జీవితం అడ్డుపడింది. ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు నేను చెప్పగలిగిందల్లా, మాట అడిగినంతవరకు వెళ్ళి అక్కడ ఆగడమే. "సగం" అన్న మాటకు అర్థం చేసుకోవడానికి పుట్టిన తేదీ అక్కరలేదు, పని పూర్తికాకముందే చీకటి పడిందన్న బాధ చాలు.

సాయంకాలపు వెలుగు

అందరూ ఒకే పద్యం చుట్టూ తిరుగుతున్నారు కాబట్టి దాని జంట పద్యాన్ని గుర్తుచేస్తున్నాను. "కాశికా విశ్వేశు గలసె వీరారెడ్డి, రత్నాంబరంబు లే రాయడిచ్చు" అని మొదలవుతుంది. తనను ఆదరించినవారంతా ఒక్కొక్కరుగా పోయారని, ఇక దినవెచ్చం ఎవరు తీరుస్తారని, కస్తూరి కోసం ఏ రాజును ప్రస్తుతించాలని అడుగుతూ, చివరికి "అరుగుచున్నాడు శ్రీనాథు డమరపురికి" అని ముగుస్తుంది. ఇక్కడ జీవితం లేకుండా ఒక్క పాదమైనా చదవగలమా? అన్నీ మనుషుల పేర్లే కదా.

మూడోపాదం

చదవగలమని నేను అంటాను, ఈసారి మరింత గట్టిగా అంటాను. ఆ పద్యంలో ప్రతి పేరు పక్కనే ఆ మనిషి కవికి ఏమి ఇచ్చేవాడో చెప్పి ఉంది. వీరారెడ్డి పోయాడు, రత్నాంబరాలు ఎవరిస్తారు? విస్సన్న మంత్రి పోయాడు, బంగారు పళ్ళెంలో అన్నం ఎవరి పంక్తిలో దొరుకుతుంది? కావలసిన జీవితాన్ని పద్యమే తన వెంట తెచ్చుకుంది. విస్సన్న మంత్రి గురించి నాకు వేరే ఏమీ తెలియదు, అయినా ఆ పాదం చదివినప్పుడు ఖాళీ పంక్తి కనబడుతుంది. మొదటి సీసంలో నైషధకర్త అన్నప్పుడు బయటికి వెళ్ళవలసి వచ్చింది, ఇక్కడ అవసరం రాలేదు.

పైగా వ్యాకరణం మళ్ళీ పనిచేస్తోంది. మొదటి పద్యం "కవిరాజు" అన్న మూడో మనిషితో మొదలై "మోసపోతి" అన్న నేనుతో ముగిసింది. రెండవది "ప్రస్తుతింతు" అన్న నేనుతో నడిచి "శ్రీనాథుడు అరుగుచున్నాడు" అన్న మూడో మనిషితో ముగిసింది. ఒకదానిలో మనిషి బయటపడ్డాడు, ఇంకొకదానిలో మనిషి వెళ్ళిపోయి పేరు మిగిలింది.

రెల్లుపూలు

ఆ చివరి పాదమే నాకు సందేహం కలిగిస్తుంది. పోతున్నవాడు "శ్రీనాథుడు అమరపురికి వెళుతున్నాడు, దేవతల కవుల గుండెలు దిగ్గుమంటున్నాయి" అని తానే చెప్పుకుంటాడా, లేక అతడిని ప్రేమించిన ఇంకొకరు చెప్పారా?

సాయంకాలపు వెలుగు

శ్రీనాథుడు తప్ప ఇంకెవరూ అంత అభిమానంతో చెప్పలేరు. డిండిమభట్టును ఓడించి కంచుఢక్క పగలగొట్టించినవాడికి ఇంద్రుడి కొలువు ఒక లెక్కా? ఆ ధాటి అతడిదే.

తాటాకుకట్ట

గురువుగారూ, మీ మాట కాదనడానికి మనసు రావడం లేదు, కాని ధాటిని అనుకరించవచ్చు. మన కవిలోకానికి శ్రీనాథుడి ధాటి ఎంతగా వంటబట్టిందంటే అతడి పేర పద్యాలు పుట్టడం ఆశ్చర్యం కాదు. చాటువుల మీద పనిచేసిన వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ గారలు చెప్పినది నాకు సబబుగా తోస్తుంది. చాటు సంప్రదాయంలోని కవి చారిత్రక వ్యక్తి కంటే, పద్యాలు చెప్పుకున్న రసిక సమాజం తయారుచేసుకున్న మనిషి. అప్పుడు ఈ రెండు సీసాలు శ్రీనాథుడి చివరి రోజుల దస్తావేజులు కావు. రాజాస్థానాల మీద బతికిన కవికి ఆ ఆస్థానాలు కూలాక ఏమవుతుందని ఆ సమాజం భయపడిందో, దానిని చెప్పే పద్యాలు అవుతాయి. వీటిలో శ్రీనాథుడు రాసినది ఒక్క పాదమైనా లేదని నేను అనడం లేదు. ఉందని రుజువు చేసే దారి కనబడలేదు, అంతే.

సాయంకాలపు వెలుగు

మీ వాదనలో తప్పు పట్టలేకపోతున్నాను, కాని ఒప్పుకోలేకపోతున్నాను. ముప్పై ఏళ్ళు ఈ పద్యం చెప్పేటప్పుడు నా గొంతు పూడుకుపోయేది. అది ఎవరో కల్పించిన శ్రీనాథుడి కోసమా?

యతిమైత్రి

నలుడు కూడా మీకు తెలిసిన మనిషి కాదు, అయినా నైషధం చెప్పేటప్పుడు మీ గొంతు మారకుండా ఉండేదా?

సాయంకాలపు వెలుగు

అది వేరు. నలుడి కోసం కరిగినప్పుడు నేను మోసపోలేదు, అతడు కథలోని మనిషని నాకు మొదటినుంచీ తెలుసు. ఇక్కడ ఒక మనిషి నిజంగా ఎండలో నిలబడ్డాడని నమ్మి పిల్లలకు చెప్పాను.

రెల్లుపూలు

మీరు చెప్పింది నిజమే. నా కవితకు పరామర్శించినవారిలో ఒకరు అసలు విషయం తెలిశాక నాతో మాట్లాడడం మానేశారు. కవిత మారలేదు, ఒక్క అక్షరం కూడా మారలేదు. వారికి నామీద కలిగిన కోపాన్ని నేను ఇప్పటికీ పూర్తిగా తప్పుపట్టలేను.

పఠనశాల

వచ్చే నెలకు ఇలా అనుకుంటున్నాను. మొదట పద్యాన్ని కవి పేరు లేకుండా రెండుసార్లు బిగ్గరగా చదివిస్తాను. ఎవరికి ఏ మాట దగ్గర అర్థం ఆగిపోయిందో వారినే చెప్పమంటాను. ఆగిన మాటలకు మాత్రమే సమాచారం ఇస్తాను, అంటే పొగడదండ, గొడియలతోపాటు నైషధకర్త, వీరభద్రారెడ్డి వస్తారు. మళ్ళీ చదివిస్తాను. కథను చివరికి ఉంచి, ఇది ఈ పద్యం నుంచే పుట్టిన కథ అని చెప్పి వినిపిస్తాను. ఎవరికైనా అభ్యంతరమా?

మూడోపాదం

పేరు దాచడం ఎంతోసేపు సాగదు, మూడవ పాదం రాగానే ఎవరో ఒకరు గుర్తుపడతారు. గుర్తుపట్టనివ్వండి. ఆ క్షణంలో వారి ముఖాలు చూడండి, జీవితం పద్యానికి ఏమి ఇస్తుందో అక్కడే తెలుస్తుంది.

తాటాకుకట్ట

"గొడ్డేరి" దగ్గర కూడా తప్పక ఆగండి. బీడు పొలాన్ని గుత్తకు తీసుకొని అని కొందరు చెబుతారు, ఆ మాటకు నాకు పూర్తి తృప్తినిచ్చే అర్థం ఇంకా దొరకలేదు. ఇంత ప్రసిద్ధమైన కథ ఆ ఒక్క మాట మీద కూర్చుని ఉంది. మీ బృందంలో వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారు ఉంటే అడిగి, వారు చెప్పినది ఇక్కడ రాయగలరా?

పఠనశాల

ఇద్దరు ఉన్నారు. అడిగి రాస్తాను.

సాయంకాలపు వెలుగు

నాకు కూడా ఆ సమావేశం తేదీ చెప్పండి. కథ మీరు చివరికి ఉంచినా, చెప్పే అవకాశం నాకు ఇవ్వండి. పద్యం నుంచి పుట్టిన కథ అని ముందే చెప్పి మొదలుపెడతాను.